రంగు వచ్చినా పాత టీవీ పనిచేసింది, డిజిటల్ రాగానే ఆగిపోయింది

1982 ఆగస్టు 15న ఎర్రకోట వేడుకలను దూరదర్శన్ రంగుల్లో ప్రసారం చేసింది. ఆ నవంబరులోనే ఢిల్లీలో ఆసియా క్రీడలు. అప్పటికి మన ఇళ్లలో ఉన్నవన్నీ దాదాపు బ్లాక్ అండ్ వైట్ సెట్లే. అయినా వాటిలో ఏ ఒక్కటీ మూలపడలేదు. రంగుల ప్రసారాన్నే అవి నలుపు తెలుపుల్లో చూపించాయి. హైదరాబాద్, విశాఖపట్నం నగరాల్లో కేబుల్ డిజిటల్‌గా మారడానికి పెట్టిన గడువు 2013 మార్చి 31. ఈసారి మాత్రం సెట్‌టాప్ బాక్స్ లేని టీవీకి, అది ఎంత ఖరీదైనదైనా, కేబుల్ బొమ్మ రాదు.

ఈ తేడా ఊరికే రాలేదు. మనం ఎంచుకున్న పాల్ పద్ధతి పాత సెట్లను దృష్టిలో పెట్టుకునే రంగును పంపింది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా పట్టుకుంటుంది. ఆ మూడింటినీ కలిపి ముందు వెలుగునీడల సిగ్నల్ తయారుచేస్తారు. అందులో ఆకుపచ్చకు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 శాతం వాటా ఇస్తారు, మన కంటికి ఆ రంగులు కనిపించే కాంతి అంతే కాబట్టి. పాత టీవీకి ఇది చాలు. రంగు వివరాలను అదే సిగ్నల్ సందుల్లో సన్నగా ఇరికించి పంపుతారు. కన్ను వెలుగునీడల్లోని చిన్న గీతను కూడా పట్టేస్తుంది గానీ రంగుల విషయంలో అంత నిశితం కాదు. అందుకే రంగును తక్కువ వివరంతో పంపినా ఎవరికీ లోటు తెలియలేదు.

ఆ శాతాల లెక్కలోనే బ్లాక్ అండ్ వైట్ ప్రేక్షకుడి ఇబ్బంది కూడా దాగి ఉంది. ప్రకాశవంతమైన ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఆ లెక్కలో ఒకే బూడిద రంగుగా తేలవచ్చు. అలాంటి జెర్సీలు వేసుకున్న రెండు జట్లు ఆడుతుంటే బంతి ఎవరి దగ్గరుందో వ్యాఖ్యాత చెబితే తప్ప తెలిసేది కాదు. రంగు రావడంతో ఆటను కళ్లతోనే అనుసరించడం కుదిరింది. ఇరికించి పంపడం వల్ల ఒక చిక్కూ వచ్చింది. సన్న చారల చొక్కా తెర మీదికి వస్తే టీవీ ఆ చారలను రంగు సిగ్నల్ అనుకునేది. లేని రంగులు వాటి మీద ఇంద్రధనుస్సులా పారాడేవి.

రంగు వచ్చినా సిగ్నల్ అనలాగ్‌గానే ఉండిపోయింది. కాబట్టి డాబా మీద యాంటెన్నా తిప్పే పనీ తప్పలేదు. ఒకరు పైన పైపు పట్టుకుని "వచ్చిందా?" అంటే, కింద నుంచి "ఇంకొంచెం ఇటు!" అని కేక. సిగ్నల్ బలహీనమైతే తెర నిండా చుక్కలు. ఎదురుగా గుట్టో పెద్ద భవనమో ఉంటే దానికి తగిలి ఆలస్యంగా వచ్చే సిగ్నల్ వల్ల మనిషి పక్కన నీడలా మరో బొమ్మ. అలా ఉన్నా ముఖం గుర్తుపట్టగలిగేవాళ్లం, మాట వినబడేది, సినిమా చివరిదాకా చూసేవాళ్లం. ఆ ఓర్పుకు అనలాగ్ చోటిచ్చింది.

డిజిటల్ ఆ చోటు ఇవ్వదు. చిన్న చిన్న లోపాలను బాక్స్ తానే సరిదిద్దుకుంటుంది, అందాకా బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. సిగ్నల్ ఆ హద్దు దాటి తగ్గితే ఒక్కసారిగా గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపకపోవడమే ఇలా విరగడానికి కారణం. ఒక పూర్తి బొమ్మ పంపి, ఆ తర్వాత మారిన భాగాలనే పంపుతారు. మధ్యలో కొంత సమాచారం పోతే తర్వాతి పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆ గళ్లు తెర మీదే అతుక్కుని ఉంటాయి. ఇలా కుదించడం వల్లే ఒక్క అనలాగ్ ఛానెల్ పట్టే జాగాలో పదికి పైగా ఛానెళ్లు పట్టాయి.

లోపం ఎక్కడుందో కనిపెట్టడమూ దీన్ని బట్టే. కేబుల్‌లో అన్ని ఛానెళ్లూ గళ్లుగా విరుగుతుంటే ముందు బాక్స్ వెనక వైరు బిగుతుగా ఉందో లేదో చూడాలి. కొన్ని ఛానెళ్ల గుంపు మాత్రమే విరిగి మిగతావి బాగుంటే, ఆ గుంపంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద వస్తోందని, ఇబ్బంది అక్కడే ఉందని అనుకోవచ్చు. ఆపరేటర్‌కు ఫోన్ చేసినప్పుడు "టీవీ రావడం లేదు" అనకుండా ఆ ఛానెళ్ల నంబర్లు చెబితే అతని పని సగం తగ్గుతుంది. డిష్ ఉన్న ఇంట్లో కుండపోత వానకు బొమ్మ పోతే వాన తగ్గేదాకా డిష్‌ను కదపకూడదు. ఆ సిగ్నల్‌ను వాన నీరే పీల్చేస్తుంది, డిష్ తిప్పితే ఉన్న గురి కూడా తప్పుతుంది.

బొమ్మను కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఎంత పడుతుందన్నది ఆ ప్రసారం ఏ దారిలో వస్తుందన్న దాన్ని బట్టి మారుతుంది. యాంటెన్నా రోజుల్లో ఊరంతా ఒకే క్షణంలో సిక్సర్ చూసి అరిచేది. ఇప్పుడు బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పక్కింట్లో కేకలు వినిపిస్తాయి, మన తెర మీద ఆ బంతి ఇంకా పడాల్సే ఉంటుంది.