రచయిత నోరు విప్పని గంట

తెలుగు సినిమావాళ్లకు నేరేషన్ అలవాటు. రచయితో దర్శకుడో కథ చెబుతాడు, పాత్రకో గొంతు మారుస్తాడు, రీరికార్డింగ్ కూడా నోటితోనే ఇచ్చేస్తాడు. వినేవాళ్లకు కథ నచ్చుతుంది. అందులో కాగితం మీదున్నది ఎంతో, చెప్పినవాడి నటన ఎంతో మాత్రం తేలదు. షార్ట్ ఫిల్మ్ షూటింగ్‌కు ముందు టేబుల్ రీడ్ పెట్టుకునేది ఆ లెక్క తేల్చుకోవడానికే.

ఒక 12 పేజీల స్క్రిప్టు ఉందనుకుందాం. రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఇల్లు అమ్మకానికి సంతకం పెట్టించుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు, ఊళ్లోనే ఉన్న కూతురు, ఇల్లు కొంటానంటున్న పక్కింటాయన. నాలుగు పాత్రలకు నలుగురు చదువుతారు, సన్నివేశ వర్ణన చదవడానికి ఐదో మనిషి కావాలి. మనుషులు తక్కువై ఒకరికి రెండు పాత్రలు ఇవ్వాల్సి వస్తే, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కాకూడదు. చదివేవాళ్లకు స్క్రిప్టు ముందురోజే అందాలి. కథ అసలు తెలియని ముగ్గురు నలుగురు శ్రోతలకు మాత్రం కాగితం ఇవ్వకూడదు. ప్రేక్షకుడి చేతిలో స్క్రిప్టు ఉండదు కదా. చదివేవాళ్లు మరీ గొప్ప నటులు కాకపోతేనే మేలు. మంచి నటుడు పేలవమైన డైలాగును కూడా గట్టెక్కించేస్తాడు.

రచయిత ఏ పాత్రా చదవడు. తన కాపీ, పెన్సిలు పట్టుకుని మూలన కూర్చుంటాడు, ఫోనులో రికార్డింగ్ నడుస్తుంటుంది. ఎక్కడ నవ్వారు, ఎక్కడ కుర్చీల్లో కదిలారు, ఎక్కడ నాలుక తడబడింది, ఇంతవరకే గుర్తు పెట్టుకోవాలి. నిడివి కూడా చూసుకోవచ్చు గానీ పేజీకి నిమిషం అన్న లెక్కను పూర్తిగా నమ్మలేం. ‘తండ్రి టీ పెడతాడు’ అని చదవడానికి రెండు సెకన్లు చాలు, తెర మీద అది అర నిమిషం తినొచ్చు. మాటల్లేని సన్నివేశాలను టేబుల్ రీడ్ సరిగ్గా పరీక్షించలేదు.

తడబాటు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి రాసేటప్పుడు మధ్యలో ఎన్నయినా ఇరికించొచ్చు. ‘నేను పోయినసారి వచ్చినప్పుడు నువ్వు బీరువాలో దాచిన కాగితాలు చూసిన చెల్లి పక్కింటాయనతో అన్న మాట నిజమేనా నాన్నా?’ కంటికి బాగానే ఉంది. నోటికొచ్చేసరికి ‘నిజమేనా’ దగ్గరికి చేరేలోపే ఊపిరి అయిపోతుంది. అక్కడ తడబడితే పాత్రలు మార్చి ఇంకొకరి చేత చదివించాలి. ఇద్దరూ అక్కడే ఆగితే తప్పు డైలాగుదే. ‘బీరువాలో కాగితాలేవో దాచావంట. చెల్లి చూసిందంట. నిజమేనా నాన్నా?’ అంటే ఎవరైనా పలుకుతారు.

చదవడం అయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుందన్నా’ అంటారు. లేదా అందరికన్నా పెద్దాయన ఏదో అంటాడు, మిగతావాళ్లు తలూపుతారు. అందుకే ఎవరూ మాట్లాడకముందే చీటీలు పంచి, ఐదు నిమిషాలు మౌనంగా రాయించాలి. మూడు ప్రశ్నలు చాలు. కథను మూడు వాక్యాల్లో చెప్పండి. మనసు ఎక్కడ పక్కకు పోయింది? ఇంటి విషయంలో ఎవరికి ఏం కావాలని మీకు అనిపించింది? నోటి చర్చ ఆ తర్వాతే. అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. అందులో అభిప్రాయాలు చిట్టచివర వస్తాయి, అవీ కళాకారుడు సరేనంటేనే. ఈ గంటసేపూ రచయిత అడగొచ్చు గానీ వివరణ ఇవ్వకూడదు. ‘అంటే, అక్కడ నా ఉద్దేశం...’ అని మొదలుపెట్టాడంటే మళ్లీ నేరేషనే.

మన స్క్రిప్టుకు వచ్చిన చీటీలు ఇలా ఉన్నాయనుకుందాం. ‘కూతురికి ఉన్నట్టుండి అంత కోపమేంటి?’ ‘గొడవ సీను సాగింది.’ ‘అమ్మ ఫ్లాష్‌బ్యాక్ పెడితే బాగుంటుంది.’ రికార్డింగ్‌తో సరిచూసుకుంటే మూడూ 9వ పేజీ చుట్టుపక్కల సంగతులే. అక్కడేదో తేడా ఉందని నమ్మాలి. వాళ్లు చెప్పిన మందును మాత్రం వెంటనే వాడేయకూడదు. ఇంటిని తండ్రి తన పేర రాశాడని కూతురికి ముందే తెలుసు. ఆ సంగతి రచయిత బుర్రలో ఉంది, స్క్రిప్టులో మాత్రం 3వ పేజీలో ‘కూతురు బీరువా వైపు చూస్తుంది’ అన్న ఒక్క ముక్కే ఉంది. శ్రోతకు అందులో ఏమీ అందలేదు. కాబట్టి మార్చాల్సింది 3వ పేజీని. అన్న బీరువా దగ్గరికి వెళ్లబోతుంటే ఆమె ముందుకెళ్లి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంటుంది. ఇది పడితే 9వ పేజీలో సంజాయిషీ డైలాగులు అర పేజీ దాకా కొట్టేయొచ్చు. ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు.

ఒక్కరే రాసిన ఫిర్యాదును పక్కన పెట్టుకోవచ్చు. కాకపోతే కథను తిరిగి చెప్పడంలో ఒక్కరు పొరబడినా ఆ పేజీ మరోసారి చూడాలి. కొత్త డ్రాఫ్టు విన్పించేటప్పుడు చదివేవాళ్లు పాతవాళ్లే అయినా ఫర్వాలేదు, శ్రోతలను మాత్రం మార్చాలి. బీరువాలో ఏముందో పాతవాళ్లకు ఇప్పటికే తెలుసు.