మధ్యాహ్నం 3 గంటల 7 నిమిషాలకు

2019 ఏప్రిల్ మొదట్లో యూరప్‌లోని ఖగోళ పరిశోధన సంస్థ యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ పాత్రికేయుల కోసం ఒక నోటు విడుదల చేసింది. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ తొలి ఫలితంపై ఏప్రిల్ 10న విలేకరుల సమావేశం ఉందని అందులో చెప్పింది. ఆ ఫలితం ఏమిటో మాత్రం చెప్పలేదు. మానవజాతి మొదటిసారి చూడబోతున్న కృష్ణబిలం చిత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. అయినా నోటులో ఉన్నది విలేకరి పనికి కావలసిన వివరాలే. విలేకరుల సమావేశానికి ఆహ్వానం ఎలా రాయాలో నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి నమూనా నాకు కనబడలేదు.

మన ఊళ్లలో ‘ప్రెస్ మీట్ ఉంది, రండి’ అన్న వాట్సాప్ సందేశం రోజూ చూసేదే. సంఘాలు, కళాశాలలు, ఆస్పత్రులు, రైతు సమితులు అందరూ పంపుతారు. పంపినవాళ్లకు అది ఆహ్వానపత్రం. అందుకున్న డెస్కుకు అది ఆ రోజు పని పంచుకోవడానికి ఆధారం. ఎవరిని పంపాలి, కెమెరా అవసరమా, పేజీలో చోటు ఉంచాలా అన్నవి ఆ నాలుగు వాక్యాలు చదివే తేల్చుకుంటారు. ఆ తేడా తెలియకపోవడం వల్లే చాలా సమావేశాల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఆ యూరప్ నోటులో మొదట చూడవలసింది సమయం. ఒకే ఘడియలో ఆరు నగరాల్లో సమావేశాలు పెట్టారు: బ్రస్సెల్స్, వాషింగ్టన్, శాంటియాగో, షాంఘై, తైపే, టోక్యో. బ్రస్సెల్స్‌లో మధ్యాహ్నం 3 గంటలంటే వాషింగ్టన్‌లో ఉదయం 9, టోక్యోలో రాత్రి 10, మనకు సాయంత్రం 6.30. అందుకే నోటులో గంట పక్కనే అది ఏ కాలమానమో కూడా రాశారు. ఏ నగరంలో ఏ భాషలో మాట్లాడతారో చెప్పారు. బ్రస్సెల్స్‌లో ముందు యూరోపియన్ కమిషనర్ కార్లోస్ మొయిదాస్, తర్వాత ఆ పరిశోధన బృందం పాలకమండలి అధ్యక్షుడు ఆంటన్ జెన్సస్ మాట్లాడతారని, ఆపైన నలుగురు శాస్త్రవేత్తలు ఫలితాన్ని వివరించి ప్రశ్నలకు జవాబిస్తారని పేర్లతో, వాళ్లు పనిచేసే సంస్థలతో సహా ఇచ్చారు. రాలేనివారి కోసం ప్రత్యక్ష ప్రసారం ఉంటుందన్నారు.

ఆ పేర్ల వెనుక ఒక ఆలోచన ఉంది. కమిషనర్ వస్తున్నారంటే ఫోటో ఉంటుందని తెలుస్తుంది. శాస్త్రవేత్తలు ప్రశ్నలు తీసుకుంటారంటే సైన్స్ రాసే విలేకరిని పంపాలని తెలుస్తుంది. మన నోటుల్లో ‘పలువురు ప్రముఖులు పాల్గొంటారు’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. డెస్కుకు ఆ మాట ఏ పనికీ రాదు. ఎవరు, ఏ హోదాలో, ఏ విషయంపై మాట్లాడతారో, వాళ్లను ప్రశ్నలు అడగవచ్చో లేదో చెబితే చాలు. వస్తారని ఖాయం కాని మంత్రి పేరు వేయడం ఇంకా చెడ్డది. ఒకసారి అలా జరిగిన సంస్థ నుంచి వచ్చే తర్వాతి నోటును ఎవరూ నమ్మరు.

ఆ నోటులో నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్న అంకె 3.07. సమావేశం 3 గంటలకు మొదలవుతుందని, పత్రికా ప్రకటన మాత్రం 3 గంటల 7 నిమిషాలకు వెలువడుతుందని రాశారు. ఆ ఏడు నిమిషాలు తొలిపలుకులకు. ఆ తర్వాత మెసియర్ 87 గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం చుట్టూ నారింజ రంగు వలయం ఆరు నగరాల తెరలపై ఒకేసారి కనిపించాలి. ప్రకటన ముందుగా బయటికి వస్తే వేదిక మీదివాళ్లు చెప్పేదానికి విలువ ఉండదు. ఆలస్యమైతే విలేకరులు చేతిలో వివరాలు లేకుండా తెర మీది బొమ్మ చూసి రాసుకోవాలి. సూర్యుడికి 650 కోట్ల రెట్లు బరువు, ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరం లాంటి అంకెల్లో అప్పుడే తప్పులు దొర్లుతాయి. మన గడియారంలో అది సాయంత్రం 6.37. మర్నాటి పత్రికకు హాయిగా అందే వేళ.

సమావేశం ఏ వేళకు పెట్టాలన్నది ఇక్కడ మనకూ వర్తించే ప్రశ్న. పత్రికల్లో జిల్లా పేజీలు ప్రధాన పేజీలకన్నా ముందే ముగుస్తాయి. సాయంత్రం ఆరుకు పెట్టిన సమావేశం వార్త జిల్లా పేజీలో కుదించుకుపోతుంది, లేదా మర్నాటికి వాయిదా పడుతుంది. ఉదయం 11 గంటల ప్రాంతం ఇద్దరికీ అనుకూలం. విలేకరికి వచ్చి, విని, మరో ఇద్దరిని అడిగి రాసే వ్యవధి ఉంటుంది. టీవీ వాళ్లకు మధ్యాహ్నం బులెటిన్ దొరుకుతుంది. తేదీతో పాటు వారం కూడా రాయాలి. రెండూ సరిపోలకపోతే పొరపాటు వెంటనే బయటపడుతుంది, ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. వారం లేకుండా తేదీ ఒక్కటే తప్పుపడితే విలేకరి ఖాళీ హాలుకు వచ్చి వెళ్లిపోతాడు.

ఇక ఎంబార్గో. సమాచారం ముందుగా ఇస్తాం, ఫలానా గంట దాకా బయటపెట్టొద్దు అన్న ఒప్పందం అది. రాష్ట్రపతి జనవరి 25, ఆగస్టు 14 సాయంత్రాల్లో జాతినుద్దేశించి చేసే ప్రసంగం లాంటివాటికి పాఠం ముందే చేతికి వస్తే అనువాదానికి సమయం దొరుకుతుంది. తెలుగు డెస్కులో ఇంగ్లిష్ ప్రసంగాన్ని తప్పుల్లేకుండా తెలుగులోకి దించాలంటే ఆ గంటలు ఎంత విలువైనవో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుసు. ఎంబార్గో వల్ల పాఠకుడికి జరిగే నిజమైన మేలు కూడా ఇదే. విలేకరి పరుగు పందెం మాని నివేదిక చదవగలడు, బయటి నిపుణుడిని అడగగలడు.

ఎంబార్గో ఎక్కడ దెబ్బతింటుందో 1945 మేలో ఫ్రాన్స్‌లో జరిగిన ఘటన చెబుతుంది. జర్మనీ లొంగుబాటు పత్రాలపై రీమ్స్ పట్టణంలో మే 7 తెల్లవారుజామున 2.41కి సంతకాలయ్యాయి. చూడటానికి 17 మంది విలేకరులను విమానంలో తీసుకెళ్లారు. అనుమతి వచ్చేదాకా వార్త పంపబోమని ఆ విమానంలోనే వారిచేత మాట తీసుకున్నారు. తర్వాత ఆ గడువును మర్నాటి మధ్యాహ్నం 3 గంటలకు మార్చారు. సైనిక భద్రత దానికి కారణం కాదు. బెర్లిన్‌లో మరో సంతకాల తంతు జరగాలని, అప్పటిదాకా ప్రకటించొద్దని సోవియట్ నాయకత్వం కోరడమే కారణం. ఈలోగా మే 7 మధ్యాహ్నమే జర్మన్ రేడియో తమ లొంగుబాటును తానే ప్రకటించింది. అది తెలిసిన అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి ఎడ్వర్డ్ కెనెడీ ఇక తాను మాటకు కట్టుబడనని సెన్సార్ అధికారికి చెప్పి, సైనిక టెలిఫోన్ లైనులో లండన్ కార్యాలయానికి వార్త చేరవేశాడు. తోటి విలేకరులు ఆయన్ని తప్పుపట్టారు. సంస్థ ఉద్యోగం నుంచి తీసేసింది. 2012లో అదే సంస్థ అధినేత, కెనెడీ పట్ల తాము తప్పు చేశామని బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కెనెడీ 1963లోనే చనిపోయాడు.

నా దృష్టిలో ఆ ఎంబార్గోలో మూడు లోపాలున్నాయి. గడువు మధ్యలో మారింది. మారినందుకు చెప్పదగిన కారణం లేదు. వార్త మరో దారిలో బయటపడితే ఏం చేయాలో ముందుగా అనుకోలేదు. ఇవాళ ఫోన్ ఉన్న ప్రతివాడూ ఆ జర్మన్ రేడియో పని చేయగలడు కాబట్టి, మూడో విషయాన్ని నోటులో రాయకపోవడం ఇప్పుడు ఇంకా పెద్ద తప్పు.

ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం కొత్త వరి వంగడం గురించి చెప్పబోతోందనుకుందాం. ఎంబార్గో భాగం ఇలా ఉండవచ్చు: ‘జతచేసిన నివేదికను మార్చి 11, బుధవారం ఉదయం 11.30 వరకు పత్రిక, టీవీ, వెబ్‌సైట్, సోషల్ మీడియా ఏ రూపంలోనూ వెలువరించకూడదు. వ్యాఖ్య కోసం బయటి నిపుణులకు చూపవచ్చు, వారికీ ఇదే షరతు. సమావేశం జరుగుతోందన్న విషయం రాయడానికి అభ్యంతరం లేదు. వివరాలు ముందే బయటపడితే ఎంబార్గో ఎత్తివేస్తూ అందరికీ ఒకేసారి సందేశం పంపుతాం.’ సమావేశం 11కి, ఎంబార్గో ముగింపు 11.30కి. ఆ అరగంటలో శాస్త్రవేత్త మాట్లాడటం మొదలుపెడతారు. ‘సమావేశం ముగిసే వరకు’ అని రాస్తే ఎవరి గడియారంలో ముగిసినట్టో తేలక గొడవ వస్తుంది. గంట, నిమిషం రాయడమే మేలు.

ఇంకో విషయం చాలామంది మరిచిపోతారు. ఎంబార్గో రెండు వైపులా ఒప్పుకుంటేనే ఒప్పందం. అడగకుండా నివేదిక పంపేసి, పైన పెద్ద అక్షరాలతో ఎంబార్గో అని రాసినంత మాత్రాన అవతలివాడు మాట ఇచ్చినట్టు కాదు. ‘ఈ షరతుకు ఒప్పుకుంటే జవాబివ్వండి, నివేదిక పంపుతాం’ అనడం పద్ధతి. ఒప్పుకుని తప్పినవాడికి సాధారణంగా దక్కే శిక్ష, తర్వాతిసారి ముందస్తు ప్రతి అందకపోవడం. ఎగ్జిట్ పోల్స్ విషయం వేరు. ఎన్నికల సంఘం ప్రకటించిన గడువులోపు వాటిని వెలువరిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అక్కడ ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు, అది చట్టం. రెంటినీ ఒకే గాటన కట్టి విలేకరిని చట్టం పేరుతో బెదిరించే నోటులు కొన్ని వస్తుంటాయి. వాటిని పట్టించుకోనక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. నోటు కింద ఒక మనిషి పేరు, ఆ రోజంతా ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వండి. హాలు మారినా, వక్త రాకపోయినా, ఎంబార్గో ముందే ఎత్తేసినా విలేకరి మొదట చేసేది ఆ నంబరుకే. నోటును రెండు మూడు రోజుల ముందు ఒకసారి, సమావేశం రోజు పొద్దున మరోసారి పంపండి. రెండోసారి ఏదైనా మారి ఉంటే ఆ మార్పును మొదటి వాక్యంలోనే చెప్పండి.