156 మందిలో తొమ్మిది మంది

ఇంటర్ చివరి పరీక్ష రాసి పిల్లలు బయటికి వచ్చేసరికి కాలేజీ గేటు దగ్గర పాంప్లెట్లు పంచేవాళ్లు నిలబడి ఉంటారు. మర్నాడు అవే కాగితాలు దినపత్రిక మడతలోంచి జారిపడతాయి. పైన వరసగా టాపర్ల ఫొటోలు, మధ్యలో ‘ఎంసెట్ షార్ట్‌టర్మ్, 45 రోజులు’ అని పెద్ద అక్షరాలు, కింద ‘10 వేల లోపు 212 ర్యాంకులు, 95 శాతం క్వాలిఫై, పరిమిత సీట్లు’ అనే మాటలు. పరీక్షకు ఈఏపీసెట్ అని పేరు మార్చి ఏళ్లు గడిచినా జనం నోట అది ఎంసెట్టే.

ఇలాంటి ప్రకటనలో పచ్చి అబద్ధం ఉండాలని లేదు. అంకెలన్నీ నిజమే కావచ్చు. ఒక్కో అంకె పక్కన ఉండాల్సిన రెండో అంకెను మాత్రం అచ్చు వేయరు, చిక్కంతా దాంతోనే.

ముందు ‘95 శాతం క్వాలిఫై’ సంగతి చూద్దాం. రెండు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్ పేపరు 160 బిట్లు, 160 మార్కులు. మ్యాథ్స్‌కు 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40. క్వాలిఫై కావడానికి 25 శాతం, అంటే 40 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. నెగెటివ్ మార్కులు ఎవరికీ లేవు. ఒక్కో బిట్‌కు నాలుగు ఆప్షన్లు. ప్రశ్న చదవకుండా ఏదో ఒకటి నొక్కినా నాలుగింట ఒకటి తగులుతుంది. అలా 160 బిట్లూ నొక్కుకుంటూ పోతే సగటున వచ్చేది సరిగ్గా 40 మార్కులు. నూరుమంది చేత కళ్లు మూయించి పరీక్ష రాయిస్తే దాదాపు సగం మంది 40 దాటుతారు. రెండేళ్లు ఇంటర్ చదివి వచ్చినవాళ్లలో 95 శాతం క్వాలిఫై అయ్యారంటే అందులో కోచింగ్ పాత్ర ఎంతో ఆ అంకె చెప్పలేదు. సీటు నిర్ణయించేది ర్యాంకు.

సరే, ‘10 వేల లోపు 212 ర్యాంకులు’ అన్నది ర్యాంకు గురించేగా? అవును గానీ ఆ 212 మంది ఎంతమందిలోంచి వచ్చారు? 600 మందిలోంచి వస్తే గొప్ప సంస్థ. అన్ని బ్రాంచీలూ కలిపి 9 వేల మందిలోంచి వస్తే నూరుకు ఇద్దరు, ముగ్గురు. ఆ 212 మందీ ఏ కోర్సు చదివారన్నది ఇంకో ప్రశ్న. కొందరు రెండేళ్లూ అక్కడే ఇంటర్ చదివి ఉండొచ్చు, కొందరు లాంగ్‌టర్మ్ పిల్లలు కావచ్చు, కొందరు పరీక్షకు పది రోజుల ముందు వచ్చి గ్రాండ్ టెస్టులు మాత్రమే రాసిపోయి ఉండొచ్చు. వాళ్లందరి ర్యాంకులూ కలిపి షార్ట్‌టర్మ్ పాంప్లెట్ మీద వేస్తే, ఆ 45 రోజుల వల్లే వచ్చాయనుకుంటాం.

సివిల్స్ కోచింగ్‌లో ఇదే పని జరిగింది. ఇంటర్వ్యూ ముందు ఉచితంగా ఇచ్చే గైడెన్స్‌కు హాజరైన అభ్యర్థుల ఫొటోలను, మూడు దశలూ తామే దాటించినట్టు ప్రకటనల్లో వేసుకున్న సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానాలు వేసింది. తర్వాత 2024 నవంబరు 13న కోచింగ్ ప్రకటనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. యాభై మందికి మించి శిక్షణ ఇచ్చే సంస్థలకు అవి వర్తిస్తాయి. ఫొటో వేస్తే విద్యార్థి పేరు, ర్యాంకు, చదివిన కోర్సు, ఎంతకాలం చదివాడు, ఫీజు కట్టి చదివాడా అన్నవి పక్కనే చెప్పాలి. ఫొటో వాడుకోవడానికి ఫలితాలు వచ్చాక రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే కుదరదు. షరతులు చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా ప్రకటనలోని మాటంత సైజులో ఉండాలి. సీట్లు ఉండగానే ‘ఆఖరి మూడు సీట్లు’ అని తొందరపెట్టకూడదు.

ఇక 45 రోజుల్లో ఏం జరుగుతుందో గంటల్లో లెక్కేద్దాం. ఆదివారాలు తీసేస్తే సుమారు 40 పనిదినాలు. రోజుకు 5 గంటలు క్లాసు అనుకుంటే 200 గంటలు. ఎనిమిది గ్రాండ్ టెస్టులు పెడితే, ఒక్కోదానికి పరీక్ష మూడు గంటలు, పేపరు విడమర్చి చెప్పడానికి రెండు గంటలు, మొత్తం 40 గంటలు పోతాయి. మిగిలిన 160 గంటల్ని మార్కుల దామాషాలో పంచితే మ్యాథ్స్‌కు 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40. అంటే ఇంటర్‌లో ఏడాది పొడుగునా చెప్పిన మ్యాథ్స్‌కు ఇక్కడ దక్కేది 40 గంటలే. ఆ సమయంలో సూత్రాలు గుర్తుచేయొచ్చు, తరచూ వచ్చే బిట్ల రకాలు చూపించొచ్చు, మూడు గంటల్లో 160 బిట్లకు పరుగెత్తే అలవాటు చేయించొచ్చు. ఇంటిగ్రేషన్ అసలు రానివాడికి మొదటినుంచీ నేర్పడం మాత్రం కుదరదు. ‘సంపూర్ణ సిలబస్’ అని రాసి ఉంటే, అది నేర్పడమా, తిరగేయడమా అని అడగాలి. నిజాయితీ ఉన్న ప్రకటనలో ‘ఇది రివిజన్ కోర్సు, ఇంటర్ పాఠాలు ఒకసారైనా చదివినవాళ్ల కోసం’ అన్న వాక్యం ఉంటుంది.

బ్యాచ్ సంగతికి వద్దాం. ‘బ్యాచ్‌కు 40 మంది మాత్రమే’ అన్న మాట మొదటి రోజు నిజమే కావచ్చు. రెండో వారంలో ఆలస్యంగా చేరినవాళ్లు వస్తారు. మూడో వారంలో ఒక లెక్చరర్ వేరే సంస్థకు వెళ్లిపోతాడు, రెండు బ్యాచ్‌లు కలిపేస్తారు. కొన్నాళ్లు షార్ట్‌టర్మ్‌లో ఫిజిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి ఆ తేడా నాకు తెలుసు. క్లాసయ్యాక అరగంట డౌట్స్ కోసం కూర్చునేవాణ్ని. ఒక డౌట్ తీర్చడానికి మూడు నిమిషాలు వేసుకున్నా పదిమందికి మించి కుదిరేది కాదు. బ్యాచ్‌లో 40 మంది ఉన్నప్పుడు ప్రతి పిల్లవాడికీ నాలుగు రోజులకోసారి వంతు వచ్చేది. 90 మందిని చేసిన రోజునుంచి అది తొమ్మిది రోజులకోసారి అయింది. అప్పటికి వెనక బెంచీల వాళ్లు అడగడమే మానేశారు.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. బ్యాచ్‌కు ఎందరో ప్రాస్పెక్టస్‌లో ముందే రాయాలి, కోర్సు నడుస్తుండగా ఆ సంఖ్య పెంచకూడదు, క్లాసులో ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. దీన్ని ఎవరైనా కొలుచుకోవచ్చు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న గదికి వైశాల్యం 600 చదరపు అడుగులు, అంటే దాదాపు 55 చదరపు మీటర్లు. అందులో 55 మందికి మించి కూర్చోబెడితే లెక్క తప్పినట్టే. టైల్స్ వేసిన గదైతే టేపు కూడా అక్కర్లేదు. రెండడుగుల టైల్స్ అటు పది, ఇటు పదిహేను ఉంటే ఆ గదే.

మరి నిజం చెప్పే ప్రకటన ఎలా ఉంటుంది? ఒక చిన్న పట్టణంలో ఒక సంస్థ ఉందనుకుందాం. అంకెలు నేను కల్పించినవే, పద్ధతి చూపడానికి. పాంప్లెట్ వెనకవైపు ఇలా ఉంటుంది:

‘నిరుడు మా షార్ట్‌టర్మ్‌లో చేరినవారు 156 మంది. చివరిదాకా ఉన్నవారు 138. ర్యాంకు వివరాలు మాకు అందినవారు 120. వీరిలో 10 వేల లోపు 9 మంది. 10 నుంచి 25 వేల మధ్య 24. 25 నుంచి 50 వేల మధ్య 37. 50 వేలు దాటినవారు 38. క్వాలిఫై కానివారు 12. మిగతా 36 మంది ఫలితాలు మాకు తెలియవు. ఇంటర్ మా దగ్గర చదివినవారిని ఈ లెక్కలో కలపలేదు. ఈ ఏడాది మూడు బ్యాచ్‌లు, ఒక్కోదానిలో 50 మంది. సీట్లు మిగిలినా బ్యాచ్‌లు కలపం.’

అదే సంస్థ ‘10 వేల లోపు తొమ్మిది ర్యాంకులు’ అని ముందువైపు ఫొటోలు వేసి ఊరుకోవచ్చు, అది అబద్ధమూ కాదు. కానీ వెనకవైపు లెక్క చూశాక అసలు అవకాశం తెలుస్తుంది. చేరిన 156 మందిలో తొమ్మిది మందంటే నూరుకు ఆరుగురికి లోపే. ఫలితం తెలిసిన 120 మందితోనే భాగిస్తే ఏడున్నర అవుతుంది, చూడ్డానికి బాగుంటుంది. అందుకే దేనితో భాగించారో చెప్పాలి. మధ్యలో మానేసినవాళ్లు, ఫోన్ ఎత్తనివాళ్లు ఎక్కువగా మంచి ర్యాంకులు రానివాళ్లే అయ్యుంటారు. వాళ్లను లెక్కలోంచి తీసేస్తే శాతం తనంతట తానే పెరుగుతుంది.

ఇంకొక్క అంకె ఉంటే ప్రకటన పూర్తయినట్టు. మొదటి రోజే పూర్తి పేపరుతో ఒక టెస్టు పెట్టి ఆ మార్కులు రాసిపెట్టుకోవాలి. పై ఉదాహరణలో 10 వేల లోపు వచ్చిన తొమ్మిది మందిలో ఏడుగురు చేరిన రోజే 90 దాటారనుకోండి. వాళ్లు అక్కడికి రాకపోయినా మంచి ర్యాంకే తెచ్చుకునేవాళ్లు కావచ్చు. మొదటి టెస్టులో 50 వచ్చి చివరి గ్రాండ్ టెస్టులో 72కు చేరిన మామూలు పిల్లలు ఎందరో చెబితే, మీ అబ్బాయికీ మా అమ్మాయికీ పనికొచ్చే సమాచారం అదీ. ఆ 22 మార్కుల్లో కొంత పరీక్ష అలవాటైనందుకే వచ్చి ఉంటుంది, దాన్ని పాఠం గొప్పతనంగా చెప్పుకోకూడదు.

ఈ మధ్య మా బంధువుల అమ్మాయి కోసం ఒక సంస్థకు వెళ్లాం. వాళ్లమ్మ కౌంటర్లో ఉన్నాయన్ని అడిగింది: “సార్, ఈ ఫొటోల్లో ఉన్నవాళ్లు ఏ కోర్సు చదివారు?”

“అందరూ మా స్టూడెంట్సేనమ్మా.”

“అది కాదు సార్, ఈ 45 రోజుల కోర్సులో చేరినవాళ్లు ఎందరు?”

ఆయన కాసేపు పాంప్లెట్ తిప్పి చూసి, “మేనేజర్‌గారిని అడగాలమ్మా” అన్నాడు.

“సరే, మధ్యలో మానేస్తే ఫీజు?”

“రిఫండ్ లేదమ్మా, రసీదు మీద ఉంటుంది.”

విద్యాశాఖ మార్గదర్శకాల ప్రకారం, పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన రోజుల ఫీజును పది రోజుల్లోగా తిరిగివ్వాలి. ఆ మార్గదర్శకాలను అమలు చేయాల్సింది రాష్ట్రాలు కాబట్టి, కట్టేముందే షరతులు కాగితం మీద రాయించుకోవడం మేలు. ప్రకటనలో చెప్పినదొకటి, ఇచ్చినదొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు చట్టం ప్రకారం 10 లక్షల దాకా జరిమానా పడుతుంది. అక్కడ ఆధారంగా నిలిచేది మొదటి పాంప్లెటే, అందుకే దాన్ని రసీదుకు పిన్ను కొట్టి దాచుకోవాలి.

మేనేజర్‌గారు ఫోన్ చేస్తానన్నారు, చేయలేదు. ఆ అమ్మాయి ఇంకో వీధిలో ఉన్న చిన్న సంస్థలో చేరింది. వాళ్ల పాంప్లెట్ మీద ఫొటోలు లేవు. నిరుడు ఎందరు చేరారని అడిగితే, వాళ్లాయన అటెండెన్స్ రిజిస్టర్ తీసి మా ముందు పెట్టాడు.