సిగ్నల్ లేని చోట నింపిన ఫారం

పాడేరు ఏజెన్సీలో ఒక కొండ ఊరు అనుకుందాం. ఆరోగ్య కార్యకర్త ఫోన్లో సర్వే ఫారం నింపి ‘పంపు’ నొక్కింది. సిగ్నల్ లేదు. అయినా ఫారం పోదు. బ్రౌజర్‌లోని ఇండెక్స్‌డ్‌డీబీ అనే నిల్వలో చేరి, ‘పంపాల్సినవి: 1’ అని కనిపిస్తుంది.

కొండ దిగి సిగ్నల్ తగిలాక, ఆండ్రాయిడ్ క్రోమ్‌లోనైతే యాప్ మూసి ఉన్నా సర్వీస్ వర్కర్ మేల్కొని దాన్ని పంపగలదు. ఐఫోన్ సఫారీలో ఆ సదుపాయం లేదు, యాప్ మళ్లీ తెరవాల్సిందే.

అసలు చిక్కు వేరే ఉంది. ఫారం సర్వర్‌కు చేరింది గానీ, ‘అందింది’ అన్న జవాబు వచ్చేలోపే సిగ్నల్ పోయింది. పాపం, ఫోన్‌కేం తెలుసు? మళ్లీ పంపుతుంది. ఒకే బాలింత పేరు రెండుసార్లు నమోదవుతుంది.

అందుకే ‘పంపు’ నొక్కినప్పుడే ఆ ఫారానికి ఫోన్ ఒక ప్రత్యేక సంఖ్య తగిలించాలి. ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్య. సర్వర్ దాన్ని ఇదివరకే చూసి ఉంటే కొత్తగా రాసుకోదు, ‘అందింది’ అని మాత్రం చెబుతుంది. ఆ జవాబు వచ్చాకే ఫోన్ తన దగ్గరి ప్రతిని చెరిపేయాలి.