సోమవారం తెరిచేలోపు

2018 ఏప్రిల్‌లో ఒక శని, ఆదివారాల్లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సుమారు 50 లక్షల మంది ఖాతాదారుల వివరాలను పాత సిస్టమ్ నుంచి కొత్తదానిలోకి మార్చింది. వివరాలు భద్రంగానే చేరాయి. తీరా ఖాతాదారులు లాగిన్ కాబోతే తెర తెరుచుకోలేదు. కొందరికి పక్కవాళ్ల ఖాతాలు కనిపించాయి. పరిస్థితి పూర్తిగా సర్దుకునేసరికి డిసెంబర్ వచ్చింది. 2022లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

ఇలాంటి మార్పు జరిగే రెండు మూడు రోజులనూ ఐటీ వాళ్లు కటోవర్ అంటారు. ఆ రోజుల్లో అందరి కళ్లూ ఒక పట్టిక మీదే ఉంటాయి. ఏ పని తర్వాత ఏది, ఎవరు చేస్తారు, ఎప్పటికి ముగియాలి, ముగిసిందని ఎలా తెలుస్తుంది అన్నవి అందులో ఉంటాయి. మధ్యమధ్య కొన్ని గేట్లు ఉంటాయి. ముందుకు వెళ్లాలా, ఆగాలా అని అక్కడ తేల్చుకోవాలి. గో, నో-గో అనేది ఈ నిర్ణయాన్నే.

రెండు లక్షల ఖాతాలున్న ఒక సహకార బ్యాంకు ఇలా మారుతోందనుకుందాం. శుక్రవారం రాత్రి 8కి లావాదేవీలు ఆపుతారు. పాత సిస్టమ్‌లో చివరి బ్యాకప్ తీస్తారు, వివరాలు బయటికి తీసి కొత్తదానిలో ఎక్కిస్తారు, తర్వాత పోల్చి చూస్తారు. పట్టికలో ఒక వరుస ఇలా ఉంటుంది: ‘సేవింగ్స్ ఖాతాల నిల్వల పోలిక. ముందు పూర్తవ్వాల్సినది: వివరాల ఎక్కింపు. బాధ్యత: అకౌంట్స్ మేనేజర్. గడువు: శనివారం మధ్యాహ్నం 2. ఒక్క రూపాయి తేడా ఉన్నా ఆపాలి.’ బాధ్యత అన్న గడిలో ‘ఐటీ టీమ్’ అని రాస్తే ఎవరూ రానట్టే. అక్కడ ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ మనిషి నిద్రపోయే వేళకు మరొకరి పేరూ ఉండాలి.

పోలికలోనే పెద్ద చిక్కు ఉంది. పాతదానిలో రెండు లక్షల ఖాతాలు, కొత్తదానిలోనూ రెండు లక్షలే. మొత్తం నిల్వ కూడా పైసాతో సహా సరిపోయింది. అయినా ఇద్దరి నిల్వలు తారుమారై ఉండొచ్చు. అలా జరిగితే మొత్తంలో తేడా రాదు, ఆ ఇద్దరికీ మాత్రం తేడా వస్తుంది. అందుకే ఖాతా నంబరుకు ఖాతా నంబరు పెట్టి ఒక్కో నిల్వనూ పోల్చాలి. ఇది కంప్యూటర్ చేసే పనే కానీ, దానికి కావలసిన ప్రోగ్రామ్ ముందే రాసి, రిహార్సల్‌లో పరీక్షించి ఉండాలి.

ఇక వెనక్కి వెళ్లడం. దీనికి వేళను సోమవారం ఉదయం నుంచి వెనక్కి లెక్కేయాలి. శాఖలు 9కి తెరుస్తారు. పాత సిస్టమ్‌ను మళ్లీ నిలబెట్టడానికి రిహార్సల్‌లో పది గంటలు పట్టింది. మూడు గంటలు చేతిలో ఉంచుకుంటే ఆదివారం రాత్రి 8 చివరి గడువు అవుతుంది. అప్పటికి గేటు దాటకపోతే ఆగిపోవాల్సిందే. ‘ఇంకో గంట ఆగుదాం, సర్దుకుంటుంది’ అనే మాట ప్రతిసారీ వస్తుంది. దానికి లొంగనివ్వకుండా గడువును అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసి, సంతకాలు చేసుకోవాలి. సోమవారం కొత్త సిస్టమ్‌లో జనం డబ్బు వేయడం, తీయడం మొదలుపెట్టాక వెనక్కి వెళ్లాలంటే ఆ లావాదేవీలన్నిటినీ పాతదానిలో మళ్లీ ఎక్కించాలి. అది మరో మైగ్రేషనే.

టీఎస్‌బీ దెబ్బతిన్నది లెక్కలు సరిచూసే గేట్ల దగ్గర కాదు, సిస్టమ్ సిద్ధంగా ఉందా అనే గేటు దగ్గర. కొత్త సిస్టమ్ రెండు డేటా సెంటర్ల నుంచి ఒకేసారి పనిచేయాలి. భారం మోసే పరీక్ష మాత్రం ఒక్కదానిలోనే చేశారు. రెండూ ఒకేలా అమరి లేవన్న సంగతి జనం వచ్చాక బయటపడింది. సిస్టమ్ కట్టిన సాబిస్ అనే అనుబంధ సంస్థ ‘సిద్ధమే’ అని రాసిచ్చింది. ఆ మాట వెనక ఆధారాలేమిటో బ్యాంకు తగినంతగా నిలదీయలేదు. ఐటీ బాధ్యతలు చూసిన అధికారికి 2023లో విడిగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. పెద్ద సంస్థలో ఒక మనిషి మీద ఇలా జరిమానా పడటం అరుదు, ఇక్కడ అది న్యాయమేనని నా అభిప్రాయం. ‘సిద్ధమే’ అన్న లేఖ ఆ సంస్థ నమ్మకాన్ని చెబుతుంది, పరీక్ష ఫలితాన్ని కాదు. గేటు దగ్గర అడగాల్సింది ఫలితాన్నే: సోమవారం ఉదయం ఒకేసారి ఎంతమంది వస్తారు, అంతమందితో అసలు నడవబోయే యంత్రాల మీదే పరీక్షించారా, జవాబు రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది?

మీ బ్యాంకులోనో, సంఘంలోనో, ఆఫీసులోనో ఇలాంటి మార్పు రాబోతుంటే, ఆపే అధికారం ఎవరిది, ఏ గంటలోపు, ఏ అంకె చూసి అని ముందే అడగండి. జవాబు కాగితం మీద లేకపోతే తేదీ వాయిదా వేయించండి.