గళ్లలో దాగిన ఓడ

బ్యాటిల్‌షిప్ ఆటలో 100 గళ్లు, వాటిలో 5, 4, 3, 3, 2 గళ్ల పొడవున్న అయిదు ఓడలు. గళ్లను చదరంగం బల్లలా నలుపు, తెలుపుగా ఊహించుకోండి. రెండు గళ్ల ఓడను ఎలా పెట్టినా ఒక నల్లగడి మీద పడక తప్పదు. అంటే వెతకడానికి 50 గళ్లే చాలు.

మరి ఆ 50లో ముందు ఏది? అయిదు గళ్ల ఓడ మూలగడి మీదుగా 2 రకాలుగానే పడుతుంది, నడిమి గడి మీదుగా 10 రకాలుగా. అందుకే నడుమ నుంచి మొదలుపెట్టాలి. గురి తప్పినప్పుడల్లా ఆ గడి మీదుగా పోయే అమరికలన్నీ కొట్టేసి, మళ్లీ లెక్కించాలి. ఓడ తగిలిందా, ఇక రంగు చూడకుండా దాని నాలుగు పక్కలా కొట్టాలి.

ఈ లెక్క అన్ని అమరికలూ సమానమనుకుంటుంది. ఎప్పుడూ అంచుల్లోనే దాచే ప్రత్యర్థి మీద మాత్రం ఇది తప్పుతుంది.