రెండుసార్లు కట్టిన ఇంటి పన్ను

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను అర్ధ సంవత్సరానికి ఒకసారి లెక్కగడతారు. ఆన్‌లైన్‌లో 2,400 రూపాయలు కట్టినా రసీదు రాక, యజమాని మళ్లీ కౌంటర్‌లో అంతే కట్టాడనుకుందాం. ముందుగా అసెస్‌మెంట్ నంబరుతో చెల్లింపుల వివరాలు చూడాలి. అక్కడ ఒక్క చెల్లింపే కనిపిస్తే, మొదటి సొమ్ము మున్సిపాలిటీకి చేరి ఉండకపోవచ్చు. దాని గురించి బ్యాంకును అడగాలి. రెండూ జమైతేనే కమిషనర్‌కు అర్జీ పెట్టాలి.

అందులో అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, ఏ అర్ధ సంవత్సరపు పన్నో, రెండు చెల్లింపుల తేదీలు, రసీదు నంబర్లు, మొత్తాలు రాయాలి. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ నకళ్లు జతచేయాలి. కోరిక ఒక్క వాక్యంలో స్పష్టంగా ఉండాలి: ‘అదనంగా జమైన 2,400 రూపాయలను వచ్చే అర్ధ సంవత్సరపు పన్నులో సర్దుబాటు చేయగలరు.’ ఇల్లు అమ్మేస్తుంటే సర్దుబాటు కొన్నవారికే లాభం. అప్పుడు వాపసే కోరి, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. అర్జీ నకలుపై ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. తర్వాతి డిమాండులో ఆ మొత్తం తగ్గిందో లేదో చూస్తే సర్దుబాటు జరిగిందీ లేనిదీ తేలుతుంది.